పాత సినిమా బోరు అనేవాళ్లకి మొదటి బ్లాక్ అండ్ వైట్ సినిమా ఎలా ఎంచిపెట్టాలి

పాత సినిమాలంటే పడని వాళ్లకి మనం సాధారణంగా చేసే పని, పది గొప్ప సినిమాల జాబితా రాసిచ్చి "ఇవి చూడు, అప్పుడు మాట్లాడు" అనడం. ఆ జాబితాలో మొదటిది మల్లీశ్వరో దేవదాసో అయి ఉంటుంది. వాళ్లు ఇరవై నిమిషాలు చూసి ఆపేస్తారు, తర్వాత ఇంకెప్పుడూ ఆ వైపు రారు. ఆ సినిమాల్లో లోపం లేదు, చూసినవాళ్లలోనూ లోపం లేదు. తప్పు వరసలో ఉంది. జాబితా పక్కనపెట్టి ఒక్క సినిమా ఎంచుకోవాలి. అది ఎలా ఎంచాలో, ఎంచాక ఎలా చూపించాలో ఇక్కడ చూద్దాం.

1. ముందు ఏది బోరు కొట్టిందో కనుక్కోండి

"బోరు" అన్న ఒక్క మాట కింద నాలుగైదు వేరువేరు ఫిర్యాదులు దాగి ఉంటాయి. దేనికి మందు దానిదే. అందుకని సినిమా పేరు చెప్పేముందు ఒక ప్రశ్న అడగండి: "చివరిసారి ఏ పాత సినిమా మొదలుపెట్టావు, ఎక్కడ ఆపావు?"

"పాటలు మొదలవగానే" అంటే సమస్య పాటలతో. విజయా వారి సినిమాల్లో పాటలు, పద్యాలు కలిపి పదికి అటూఇటూ ఉండటం మామూలు. ఇలాంటివాళ్లకి పాటలే కథ నడిపే సినిమా కావాలి, లేదా పాటలే లేని సినిమా కావాలి.

"ఏం మాట్లాడుతున్నారో అర్థం కాలేదు" అంటే రెండు కారణాలుండొచ్చు. ఒకటి గ్రాంథికపు మాటలు. రెండోది అరిగిపోయిన సౌండ్ ట్రాక్. రెండోదే ఎక్కువగా జరుగుతుంది, కానీ చూసేవాళ్లు దాన్ని భాష మీదికి నెట్టేస్తారు. అదే సినిమా మంచి ప్రతిలో రెండు నిమిషాలు వినిపిస్తే తేలిపోతుంది.

"అందరూ నాటకంలో లాగా నిలబడి మాట్లాడుతున్నారు" అనేవాళ్లు చెప్పేది నిజమే. ఆ రోజుల నటుల్లో చాలామంది రంగస్థలం నుంచి వచ్చినవాళ్లు. బరువైన కెమెరా తేలిగ్గా కదలదు, మాటలు సెట్‌లోనే రికార్డు చేసేవారు కాబట్టి మైకుకి అందేలా నిలబడాలి. దీన్ని వివరించి ఒప్పించే ప్రయత్నం చేయొద్దు. నటన సహజంగా ఉన్న సినిమా ఇస్తే సరిపోతుంది.

"కథ ఎంతకీ మొదలవదు" అనేది నాలుగోది. దీనికి జవాబు సినిమా ఎంపికలోనే ఉంది: అసలు చిక్కు మొదటి అరగంటలోనే పడిపోయే సినిమా కావాలి.

ఏమీ చెప్పలేక "అదే... బ్లాక్ అండ్ వైట్ కదా" అంటే, చాలాసార్లు వాళ్లు సరైన ప్రతి చూడలేదని అర్థం. వాళ్లు 4వ అంచెకి వెళ్లాలి.

2. మొదటి సినిమాగా ఇవ్వకూడనివి

బి.ఎన్. రెడ్డి తీసిన మల్లీశ్వరి (1951) తెలుగులో వచ్చిన అతి అందమైన సినిమాల్లో ఒకటి. దానికి తొందర లేదు. ఎడ్లబండి, వాన, మంటపం, కృష్ణశాస్త్రి పాటలు, అన్నీ తాపీగా వస్తాయి. ఆ తాపీతనమే దాని రుచి. పాత సినిమా అలవాటున్నవాళ్లకి అది విందు, అలవాటు లేనివాళ్లకి అదే శిక్ష. దేవదాసు (1953) సంగతి వేరు. కథ ఎటు పోతుందో చూడకముందే అందరికీ తెలుసు. పైగా ఆ హీరో తనని తాను పాడుచేసుకోవడం నేటి కుర్రాళ్లకి చిరాకు తెప్పిస్తుంది. ఈ రెండూ నాలుగో సినిమా, ఐదో సినిమాగా బ్రహ్మాండంగా పనిచేస్తాయి.

మాయాబజార్ (1957) గురించి జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే అందరూ ముందు ఇచ్చేది అదే. నిడివి మూడు గంటలు దాటుతుంది. అందరూ గుర్తుపెట్టుకున్న సరదా అంతా ఘటోత్కచుడు వచ్చాక మొదలవుతుంది, ఆయన వచ్చేసరికి సినిమా చాలా దూరం నడిచిపోతుంది. అంతకుముందు చిన్నప్పటి శశిరేఖ, అభిమన్యుడు, ప్రియదర్శిని పెట్టె, పాండవులు రాజ్యం పోగొట్టుకున్నాక మారిపోయిన చుట్టరికాలు ఉంటాయి. ఇవి కథకి అవసరమే. కానీ ఓపిక లేనివాళ్లు సరిగ్గా ఇక్కడే లేచిపోతారు. భారతం వింటూ పెరిగినవాళ్లకైతే ఇది మొదటి సినిమాగా ఇవ్వొచ్చు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పుట్టిపెరిగిన పిల్లలకైతే ముందు మూడు వాక్యాలు చెప్పాలి: శశిరేఖ బలరాముడి కూతురు, అభిమన్యుడు ఆయన చెల్లెలు సుభద్ర కొడుకు, ఆ పిల్లని దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడికి ఇవ్వాలని బలరాముడు మాటిస్తాడు. ఇంకో మాట కూడా చేర్చండి: పాండవులు ఈ సినిమాలో ఎక్కడా కనపడరు, ఎదురుచూడొద్దు. ఇది చెప్పకపోతే "అర్జునుడు ఎప్పుడొస్తాడు" అని అడుగుతూనే ఉంటారు.

3. వాళ్లకి ఇప్పటికే నచ్చేదాన్నుంచి మొదలుపెట్టండి

ఇంట్లో నవ్వులాటల సినిమాలు, అబద్ధం మీద అబద్ధం పేర్చుకుంటూ పోయే కథలు ఇష్టపడేవాళ్లకి నేరుగా మిస్సమ్మ (1955) ఇవ్వండి. తెలుగులో మొదటి సినిమాగా దీన్ని మించింది మాకు కనపడదు. ఎందుకో వివరంగా చెప్పుకోవాలి.

కథలోని చిక్కు ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు. ఊళ్లో బడి నడపడానికి గ్రాడ్యుయేట్లయిన భార్యాభర్తలు కావాలని ప్రకటన వస్తుంది. ఉద్యోగం లేని ఇద్దరు, పెళ్లి కాకుండానే, మొగుడూ పెళ్లాలమని చెప్పి చేరిపోతారు. ఆయన హిందువు, ఆవిడ క్రైస్తవురాలు. ఈ రోజు ఓటీటీలో వచ్చినా చూడాలనిపించే సంగతి ఇది. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ ఆ చిక్కుని త్వరగానే వేసేస్తారు, ఆలస్యం లేదు. ఆ తర్వాత ప్రతి సన్నివేశంలోనూ ఒకే ప్రశ్న నడుస్తుంది: ఇప్పుడు దొరికిపోతారా లేదా?

నటన గురించిన ఫిర్యాదు కూడా ఇందులో చాలావరకు తీరిపోతుంది. సావిత్రి చేసిన మేరీని గమనించమనండి. ఇంటివాళ్ల ముందు భార్య, గదిలోకి వెళ్లాక కోపిష్టి సహోద్యోగిని. గడప దాటగానే గొంతు మారుతుంది, భుజాలు మారతాయి. ఆ మార్పు కోసం ఆవిడ కళ్లు పెద్దవి చేయరు, చేతులు ఊపరు. ఎన్టీఆర్ అంటే గద పట్టుకున్న మనిషనే ఊహతో వచ్చినవాళ్లకి ఇందులో తగ్గి మాట్లాడే, కొంచెం బెదురుగా నవ్వే కుర్రాడు కనిపిస్తాడు. ఏఎన్నార్ డిటెక్టివ్‌నని చెప్పుకుంటూ అందరి వెనకా తిరుగుతుంటాడు. ఈ ఇద్దరినీ ఇలా చూడటం కొత్తవాళ్లకి వింతగా ఉంటుంది, ఆ వింతే కూర్చోబెడుతుంది.

రెండు లోపాలు ముందే చెప్పేయడం మంచిది. చివరికి ముడి విప్పే తీరు మరీ సౌకర్యంగా ఉంటుంది. మతం విషయాన్ని పూర్తిగా ఎదుర్కోకుండా పక్కనుంచి దాటేస్తుంది. చూసినవాళ్లు ఈ మాట అంటే వాదించకండి, వాళ్లన్నది సరైనదే.

సస్పెన్స్, కోర్టు కథలు ఇష్టపడేవాళ్లకి, పాటలంటే అసలు పడనివాళ్లకి తెలుగుని కాసేపు పక్కన పెట్టడమే తెలివైన పని. సిడ్నీ లుమెట్ తీసిన 12 యాంగ్రీ మెన్ (1957) నిడివి 96 నిమిషాలు. దాదాపు మొత్తం ఒకే గదిలో నడుస్తుంది. మన దగ్గర జ్యూరీ లేదు కాబట్టి ఒక్క విషయం చెప్పాలి: కేసు విని తీర్పు చెప్పే ఆ పన్నెండుమంది మామూలు మనుషులూ ఏకాభిప్రాయానికి రావాలి, దోషి అని తేలితే హత్య కేసులో ఇరుక్కున్న కుర్రాడికి మరణశిక్ష. మొదటి ఓటింగులో పదకొండుమంది ఒకవైపు, ఒక్కడు ఇంకోవైపు. దాదాపు అరగంట దగ్గర ఒక కత్తి బల్ల మీద గుచ్చుకునే ఘట్టం ఉంది. అక్కడిదాకా చూడమని అడగండి. ఆ తర్వాత ఆపమన్నా ఆపరు.

సినిమా అయిపోయాక ఒక చిన్న రహస్యం చెప్పండి, ముందు చెప్పొద్దు. లుమెట్ మొదట్లో కెమెరాని కంటి ఎత్తుకి పైన పెట్టి, వెడల్పుగా చూపే లెన్సులతో తీశాడు. కథ నడిచేకొద్దీ కెమెరా కిందికి దిగుతుంది, లెన్సు పొడుగవుతుంది. వెనక గోడలు ముందుకొచ్చినట్టు, చివరికి పైకప్పు నెత్తిమీద పడుతున్నట్టు కనిపిస్తుంది. గది మారలేదు, కానీ ఉక్క పెరిగింది. ఇది విన్నవాళ్లలో చాలామంది మొదటి పది నిమిషాలు మళ్లీ వేసుకుని చూస్తారు. పాత సినిమా మీద ఆసక్తి ఒక్కోసారి అక్కడే పుడుతుంది. దీని తర్వాత, ఇంటికి దగ్గరగా రావాలంటే ఎస్. బాలచందర్ తమిళంలో తీసిన అంద నాళ్ (1954) ఉంది. పాటలు లేవు. రేడియో ఇంజనీరు హత్యకి గురవుతాడు, ఒక్కొక్కరూ తమ కథ తాము చెప్తారు.

మాయలు, మంత్రాలు, సాహసాలు ఇష్టపడేవాళ్లకి పాతాళ భైరవి (1951) ఉంది. దాన్ని చిన్నపిల్లలతో కలిసి చూస్తే బాగుంటుంది. పెద్దవాళ్లు ఒంటరిగా చూస్తే నిడివి కొంచెం భారం.

4. ప్రతి, టీవీ: ఇక్కడే సగం సినిమాలు చచ్చిపోతాయి

యూట్యూబ్‌లో ఒకే సినిమా నాలుగైదు చోట్ల దొరుకుతుంది. ఎక్కువ వ్యూస్ ఉన్నది మంచి ప్రతి అవ్వాలని లేదు. ముందు మీరు మూడు చోట్ల ఆపి చూడండి, ఐదు నిమిషాల పని.

మొదటిది టైటిల్స్. పేర్ల అక్షరాలు పైనా కిందా తెగిపోయి ఉంటే, ఎవరో దాదాపు చదరంగా ఉన్న బొమ్మని వెడల్పు తెరకి సరిపోయేలా జూమ్ చేశారని అర్థం. ఆ ప్రతిలో సినిమా అంతా నటుల నుదుళ్లు తెగిపోతూనే ఉంటాయి. రెండోది గుండ్రటి వస్తువు ఏదైనా ఉన్న చోటు: బండి చక్రం, గోడ గడియారం, కంచం. అది కోడిగుడ్డులా అడ్డంగా సాగి ఉంటే బొమ్మని లాగేశారు. సాగిన మొహాలు మెదడుకి తెలియకుండానే చిరాకు పెడతాయి. చూసేవాళ్లు దాన్ని "పాత నటులు లావు" అనుకుంటారు! మూడోది రాత్రి సన్నివేశం. చీకట్లో మొహాలు కనపడకుండా నల్లటి ముద్దగా ఉంటే ఆ ప్రతి వదిలేయండి.

నిడివి కూడా చూడండి. మాయాబజార్ రెండున్నర గంటలే ఉందంటే ఎక్కడో కత్తెర పడిందన్నమాట.

ప్రతి బాగున్నా టీవీ పాడుచేస్తుంది. సెట్టింగుల్లో పిక్చర్ సైజుని `Original` పెట్టండి, రెండు పక్కలా నల్లటి పట్టీలు వస్తే సరిగ్గా ఉన్నట్టు. పిక్చర్ మోడ్ `Vivid` నుంచి `Cinema` లేదా `Movie`కి మార్చండి. లేకపోతే తెల్లచీరలు, పంచెలు వెలిగిపోయి మడతలు కనపడవు. కదలికని నున్నగా చేసే సౌకర్యం ఆపేయండి. శాంసంగ్‌లో అది `Auto Motion Plus`, ఎల్‌జీలో `TruMotion`, సోనీలో `Motionflow` అని ఉంటుంది. అది ఉంటే సినిమా సీరియల్‌లా కనిపిస్తుంది. బొమ్మకి నీలమో ఆకుపచ్చో ఛాయ వస్తుంటే `Color`ని సున్నాకి తగ్గించండి. నలుపు తెలుపు సినిమాకి దానితో నష్టమేమీ లేదు, తర్వాత మళ్లీ పెంచుకోవడం మాత్రం మర్చిపోవద్దు.

ధ్వని ఒకే ట్రాక్ కాబట్టి సరౌండ్ ఎఫెక్టులన్నీ ఆపేయండి. సౌండ్ మోడ్‌లో మాటలు స్పష్టంగా వినిపించేది ఉంటే అది పెట్టండి. టీవీ స్పీకర్ల కంటే మామూలు ఇయర్‌ఫోన్సులో పాత మాటలు బాగా అర్థమవుతాయి. తెలుగు వచ్చినవాళ్లకి కూడా సబ్‌టైటిల్స్ ఉంటే పెట్టడం తప్పేమీ కాదు.

మాయాబజార్‌ని రంగుల్లోకి మార్చి 2010లో విడుదల చేశారు. రంగుదే చూపిద్దామా అని చాలామంది అడుగుతారు. మా మాట: వద్దు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ ఆ వెలుతురు, ఆ నీడలు నలుపు తెలుపు ఫిల్ము కోసమే పరిచారు. పడవపాటలో నీళ్ల మీద మెరిసే వెన్నెల రంగులో చూస్తే అందమైన బొమ్మ అవుతుంది, నలుపు తెలుపులో చూస్తే వెన్నెలే అవుతుంది. ఎనిమిదేళ్ల పిల్లలకి, రంగు లేకపోతే అసలు కూర్చోని వాళ్లకి మాత్రం రంగుది పెట్టండి. చూడకపోవడం కంటే అది నయం.

5. ఒక ఉదాహరణ మొదటి నుంచి చివరిదాకా

హైదరాబాదులో ఉద్యోగం చేసుకునే ఇరవైనాలుగేళ్ల అమ్మాయి అనుకోండి. మలయాళం థ్రిల్లర్లు, రొమాంటిక్ కామెడీలు చూస్తుంది. వాళ్ల నాన్న పెట్టిన మల్లీశ్వరి అరగంటలో ఆపేసింది. ఎక్కడ ఆపావంటే "బండి మీద పాట అయ్యేసరికి నిద్రొచ్చింది" అంది. అంటే ఫిర్యాదు భాష మీద కాదు, నలుపు తెలుపు మీద కాదు. కథ మొదలవలేదని. కామెడీ ఇష్టం కూడా ఉంది. కాబట్టి మిస్సమ్మ.

ఎలా చెప్పాలి? "క్లాసిక్, తప్పక చూడాలి" అన్న మాట నోట్లోంచి రాకూడదు. అది హోంవర్కు వాసన వేస్తుంది. "ఉద్యోగం కోసం ఇద్దరు మొగుడూ పెళ్లాలమని అబద్ధం చెప్పి చేరతారు, ఒకే ఇంట్లో ఉండాల్సి వస్తుంది" అని చెప్పి ఊరుకోండి. రేటింగు, అవార్డులు, ఎవరెవరు మెచ్చుకున్నారో ఏదీ వద్దు.

సినిమా నిడివి మూడు గంటలు. ఒక్క కూర్చోవడంలో వద్దు. శుక్రవారం రాత్రి భోజనం అయ్యాక ఇంటర్వెల్ వరకు, మిగతాది శనివారం. వెబ్ సిరీస్ ఎపిసోడ్లు అలాగే చూస్తున్నారు కదా, ఇదీ అంతే. మొదటి రాత్రి ఒక ఒప్పందం పెట్టుకోండి: మొదటి రెండు పాటలు కదపకూడదు, ఆ తర్వాత ఏ పాటైనా ఇష్టం లేకపోతే దాటేయొచ్చు. ఈ అనుమతి ఇవ్వగానే చాలామంది దాటేయడం మానేస్తారు. బలవంతం లేకపోయేసరికి వినబుద్ధి అవుతుంది. పైగా మిస్సమ్మలో పాట వచ్చినప్పుడు సాధారణంగా ఎవరో ఒకరు ఎవరినో ఉడికిస్తుంటారు, లేదా మనసులో మాట పైకి చెప్పలేక పాటలో దాచుకుంటుంటారు. దాటేస్తే ఏదో పోయిందని వాళ్లకే తెలుస్తుంది.

పక్కన కూర్చుని చూస్తున్నారా? అయితే మీరు చేసే పెద్ద తప్పు ఒకటి ఉంటుంది: "ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు" అనడం. ఆ మాటతో నవ్వు రావాల్సిన చోట పరీక్ష అవుతుంది. వాళ్లు తెర కాకుండా మీ మొహం చూస్తుంటే మీరు ఎక్కువ మాట్లాడుతున్నారని గుర్తు. అడిగినప్పుడే జవాబు చెప్పండి.

మొదటి రాత్రి అయ్యాక "ఎలా ఉంది?" అని అడగొద్దు. మర్యాదకి "బాగుంది" అంటారు, ఏమీ తెలియదు. "వాళ్లు దొరికిపోతారంటావా?" అని అడగండి. ఊహించి ఏదో చెప్తే సినిమా పట్టుకున్నట్టు. "ఏమో" అని ఫోను తీస్తే పట్టుకోలేదు. పట్టుకోకపోతే రెండో రాత్రి అడగకండి. కొన్ని వారాలు ఆగి 12 యాంగ్రీ మెన్ ఇవ్వండి, ఎందుకంటే అప్పుడు ఫిర్యాదు నిడివి మీదనో పాటల మీదనో అయి ఉంటుంది.

6. రెండో సినిమా: జాబితా పట్టుకోకండి, మనిషిని పట్టుకోండి

మిస్సమ్మ నచ్చితే సాధారణంగా "ఆవిడ భలే చేసింది" అంటారు. అక్కడే దారం అందుకోవాలి. సావిత్రి వెంట నడవమనండి.

ఇప్పుడు మాయాబజార్ పెట్టొచ్చు. ఘటోత్కచుడు శశిరేఖ రూపం వేసుకున్నాక సావిత్రి ఒక ఆడపిల్లలా కాక, ఆడపిల్లలా నటిస్తున్న రాక్షసుడిలా నటించాలి. "అహ నా పెళ్ళియంట" పాటలో ఆ తమాషా మొత్తం ఉంది. సిగ్గుపడుతూ మెలికలు తిరుగుతున్న పెళ్లికూతురికి ఉన్నట్టుండి మగరాయుడి ఠీవి పొడుచుకొస్తుంది, వెంటనే సర్దుకుంటుంది. సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు దూరడం కూడా అందుకే. రెండేళ్ల ముందు మేరీగా చూసిన మనిషే ఇది చేస్తోందని తెలిసి చూస్తే ఆ ఆనందం రెట్టింపు. మొదటి గంట ఓపిక కూడా అప్పటికి వచ్చేస్తుంది, ఎందుకంటే ఎదురుచూడటానికి ఒక మనిషి ఉంది.

ఆ తర్వాత గుండమ్మ కథ (1962). సూర్యకాంతం కోసం చూడాలి, ఎన్టీఆర్ అంజిగాడుగా పనివాడి వేషంలో చేసిన అల్లరి కోసం చూడాలి. ఒక్క హెచ్చరిక: పొగరుబోతు భార్యని మొగుడు దారిలో పెట్టే భాగం ఇప్పటి అమ్మాయిలకి మింగుడుపడదు. "అప్పట్లో అంతే" అని సర్దిచెప్పకండి. వాళ్లని తిట్టనివ్వండి, తిడుతూనే చివరిదాకా చూస్తారు.

ఇక్కడినుంచి మూగ మనసులు (1964) పెద్ద దూరం కాదు. గోదావరి ఒడ్డున, స్టూడియో గోడలు లేని ఆరుబయట తీసిన ఆ సినిమాలో నలుపు తెలుపు ఎంత విశాలంగా ఉంటుందో కనిపిస్తుంది. అదీ అయ్యాక ఒక వాన రోజు, ఎవరికీ తొందర లేని మధ్యాహ్నం చూసుకుని, మల్లీశ్వరి మళ్లీ పెట్టండి. బండి మీద పాట దగ్గర వాళ్లవైపు చూడకండి.